పాత పీపీటీ మీద పెన్సిలు గీతలు

చిన్నీ, బుజ్జీ,

ఎన్ఎస్ఎస్ క్యాంపులో పాముకాటు గురించి చెప్పాలి, నీ పాత పీపీటీ పంపు అమ్మమ్మా అని అడిగారు. పంపుతున్నాను. కానీ దాన్ని ఉన్నదున్నట్టు ఆ ఊళ్లో గోడ మీద వేస్తే మాత్రం ఊరుకోను. అది 2012లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇవ్వడానికి చేసుకున్నది. 38 స్లైడ్లు, గంటన్నర క్లాసు. మీ ముందు కూర్చునేది పొద్దంతా నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు, హైస్కూలు పిల్లలు. మీకున్నది 20 నిమిషాలు.

అందుకని మొన్న రెండు రోజులు కూర్చుని నేనే ఒకసారి వడపోశాను. ఏది ఎందుకు ఉంచానో, ఎందుకు తీసేశానో తెలియకపోతే అక్కడికెళ్లాక మీరు మళ్లీ తీసినవన్నీ పెట్టేస్తారు, మీ సంగతి నాకు తెలియదా! ఈ ఉత్తరం అందుకే.

ఫైలు తెరవకముందే ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకున్నాను. పాతది ఎవరి కోసం: రోగి వచ్చాక విషం ఎక్కిందో లేదో తేల్చి, విరుగుడు మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలియాల్సిన డాక్టరు కోసం. కొత్తది ఎవరి కోసం: పాము కరిస్తే కట్టు కట్టకుండా, కోయకుండా, మంత్రం వేసేవాళ్ల దగ్గర ఆగకుండా బయల్దేరాల్సిన మనిషి కోసం. రాశాక చూస్తే సంగతి తేలిపోయింది. నా పీపీటీ ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది. మీది ఆ గుమ్మం దగ్గర ఆగిపోవాలి. ఇక ప్రతి స్లైడునూ ఒక్కటే అడగడం: నువ్వు గుమ్మానికి ఇవతలా, అవతలా?

పేజీకి ఆరు స్లైడ్ల చొప్పున ప్రింటు తీయించి, ఏడు కాగితాలూ మంచం మీద పరుచుకుని పెన్సిలు పట్టుకున్నాను. Slide Sorter లోనూ అన్నీ ఒకచోట కనిపిస్తాయి, కాదనను. కానీ కంప్యూటరు ముందు కూర్చుంటే చేయి ఊరుకోదు. ఒక స్లైడుకు రంగు మారుస్తాం, ఇంకోదానికి అక్షరం పెంచుతాం, తీరా సాయంత్రానికి తీసేయాల్సిన స్లైడును అందంగా ముస్తాబు చేసి పెట్టుకుంటాం. కింద ఉండే Notes మాత్రం తప్పకుండా చదవాలి. నా స్లైడ్లలో సగం విషయం స్లైడు మీద ఉండదు, నేను నోటితో చెప్పిన దాంట్లో ఉంటుంది.

చాలావాటికి ఆలోచించే పనే పడలేదు. మందు మోతాదు, సెలైన్‌లో ఎలా కలపాలి, రియాక్షన్ వస్తే ఏ ఇంజెక్షన్ ఇవ్వాలి, ఇవన్నీ గుమ్మానికి అవతలివి. ఒక్కటి తీసేటప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. పిల్లలకైనా పెద్దలకైనా విరుగుడు మందు మోతాదు ఒకటే అని చెప్పే స్లైడు అది. పాము చిన్నవాడని తక్కువ విషం వదలదు కదా, మందు సరిపోవాల్సింది ఒంటి బరువుకు కాదు, విషానికి. ఆ మాట చెప్పగానే క్లాసులో కునుకుతున్న డాక్టరు కూడా తలెత్తేవాడు. నాకెంత ఇష్టమైనా నాట్లేసే ఆవిడకు దాంతో పనేం లేదు. తీసేశాను.

అసలు తలనొప్పి 7వ స్లైడుతో వచ్చింది. అందులో రెండే వాక్యాలు. పాముకాట్లలో 70 శాతం విషం లేని పాములవే. విషపు పాము కరిచినా సగం సందర్భాల్లో విషం ఎక్కదు. మన చికిత్సా ప్రోటోకాల్‌లో చెప్పే లెక్కలే ఇవి, రోగికి ధైర్యం చెప్పడానికి డాక్టర్లకు నేర్పుతాం. నేను మొదట ఏమాత్రం అనుమానం లేకుండా ‘ఉంచు’ అని రాశాను. భయం పోగొట్టే మాట కదా అనుకున్నాను. మర్నాడు కాఫీ తాగుతూ మళ్లీ చూస్తే గుండె ఝల్లుమంది. ఇదే మాట ఊళ్లో రచ్చబండ దగ్గర విన్నవాడికి ఏమని అర్థమవుతుంది? పదింట ఏడుసార్లు ఏమీ కాదన్నమాట, రేపు పొద్దున చూద్దాంలే అని. డాక్టరు ఆ మాట చెప్పేసరికి రోగి ఆస్పత్రి మంచం మీద ఉంటాడు, 24 గంటలు కనిపెట్టి చూసేవాళ్లు పక్కన ఉంటారు. ఇంటి అరుగు మీద ఎవరున్నారు? స్లైడులో తప్పు లేదు, అయినా అక్కడ వేస్తే అది మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. ‘ఉంచు’ కొట్టేసి ‘తీసెయ్’ రాశాను. ధైర్యం మీరు నోటితో చెప్పండి: మందు ఉంది, తొందరగా వెళితే బతుకుతారు అని. అంతవరకే.

దీనికి సరిగ్గా తలకిందులు 22వ స్లైడు. గాజు పరీక్షనాళిక బొమ్మ, కింద ‘20 నిమిషాలు’ అని తప్ప ఏమీ లేదు. రోగి నరంలోంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు నాళికలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టకుండా జారిపోతే పింజర విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. డాక్టరు చేసే పరీక్ష కాబట్టి కళ్లు మూసుకుని తీసేయొచ్చు. నేనూ గీత పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది, నా సర్వీసులో బంధువులు నాతో ఎక్కువసార్లు గొడవపడింది ఆ 20 నిమిషాల్లోనే. ‘రక్తం తీసి బల్ల మీద పెట్టి ఊరికే కూర్చున్నారు, ఇక్కడ వైద్యం లేదు, పదండి’ అని రోగిని ఆటోలో వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్లు మళ్లీ బయటికి పోవడం! అందుకని ఆ బొమ్మ ఉంచాను, మాట మార్చాను: ‘రక్తం తీసి ఆగితే, అదే పరీక్ష. ఓపిక పట్టండి.’

నాలుగు పాముల స్లైడు గురించి మీరిద్దరూ తప్పకుండా పోట్లాడతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, మంచి ఫొటోలు, పక్కన పొలుసుల తేడాలు. శీర్షిక ‘గుర్తుపట్టడం ఎలా’. కాలేజీ పిల్లలకు భలే నచ్చుతుంది. కానీ గుర్తుపట్టమని నేర్పిస్తే ఏం చేస్తారు? కర్ర పట్టుకుని పొదల్లోకి పోతారు, రెండో కాటు తింటారు. పైగా చారలుంటే కట్లపామే అనుకుంటారు, చారలున్న విషం లేని పాములూ ఉన్నాయి. మన దగ్గర దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది, పామును పట్టుకుని తేనక్కరలేదు. ఫొటోలు ఉంచి, పొలుసుల వివరం తీసేసి, శీర్షిక ‘ఏది కరిచినా ఆస్పత్రికే’ అని మార్చాను.

కట్లపాముకు మాత్రం విడిగా ఒక స్లైడు ఇచ్చాను. పాత స్లైడులో ‘న్యూరోటాక్సిక్, టోసిస్, తెల్లవారుజామున కడుపునొప్పి’ అని ఉంది. ఇది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర వాపూ నొప్పీ పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటే కనపడదు. కాబట్టి కొత్తది ఇలా: ‘నేల మీద పడుకుని లేచాక కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. గాటు లేకపోయినా పామే అనుకుని బయల్దేరండి.’ దాని కిందే మంచం, చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర బొమ్మ.

ఇంగ్లీషులో RIGHT అని నాలుగు పనులను గుర్తుపెట్టుకునే చిట్కా స్లైడు ఒకటుంది. ఆ అక్షరాలు తెలుగులో దేనికీ అతకవు. చిట్కా పోయింది, పనులు మిగిలాయి: భయపెట్టకండి, కాలో చెయ్యో కదలకుండా ఉంచండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, దారిలో ఏమేం మారిందో డాక్టరుకు చెప్పండి.

పాతబడిన లెక్కలు కూడా చూసుకోవాలి. నా స్లైడులో మన దేశంలో ఏడాదికి 46 వేల పాముకాటు చావులని ఉంది, అది 2005 సంవత్సరానికి వేసిన అంచనా. 2020లో వచ్చిన అధ్యయనం 2000 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి 58 వేలని తేల్చింది. అంకె మార్చాను కానీ దాన్ని చిన్నదిగా మూలకు పెట్టాను. ఊరివాళ్లకు పనికొచ్చేది అదే అధ్యయనంలోని ఇంకో మాట: ఆ చావుల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంటే వాళ్లు నాట్లేసే రోజులే. ఇక మ్యాపు చూస్తే నవ్వొచ్చింది, 2012 నాటిది కదా, అందులో తెలంగాణ లేదు. అది వేస్తే మీ 20 నిమిషాలూ రాష్ట్ర విభజన చర్చకే సరిపోతాయి!

ఫొటోల దగ్గర కాస్త ఆగండి. కుళ్లిన కాలు ఫొటోలు ఆరు ఉన్నాయి. పిల్లల ముందు వేసేవి కావు, పైగా ఆ రోగులు మమ్మల్ని నమ్మి తీయించుకున్నవి. ఒకదాంట్లో మొహం కనపడుతోందని అప్పట్లో కత్తిరించాను. ఈమధ్య మీ మామయ్య చూపిస్తేగానీ తెలియలేదు, కత్తిరించిన ముక్క ఫైల్లోనే దాక్కుని ఉంటుందట, మళ్లీ లాగితే మొహం మొత్తం బయటికొచ్చింది. Compress Pictures లోకి వెళ్లి Delete cropped areas of pictures నొక్కి సేవ్ చేస్తేనే పోతుందట. Hide Slide చేసినా అంతే, ఫైలు ఎవరికి పంపితే వాళ్లకు స్లైడు కూడా వెళుతుంది. మిగతావి దాచుకున్నా ఫరవాలేదు గానీ ఈ ఆరింటినీ మీకు పంపే కాపీలోంచి పూర్తిగా తీసేశాను. అసలు ఫైలు నా దగ్గరే ఉంటుంది.

పెన్సిలు గీతలు లెక్కపెడితే ఉంచినవి 4, మార్చినవి 9, తీసినవి 25. పదమూడు స్లైడ్లంటే మీ సమయానికి సరిపోతుంది. పాత తెలుగు స్లైడ్లు యూనికోడ్ కాని ఫాంటులో కొట్టించినవి, మీ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. కాబట్టి ఉంచినవాటిని కూడా మళ్లీ టైపు చేయాల్సిందే.

ఇంత చేసి, మన ఇంటికి వచ్చే పనమ్మాయికి ఆ పదమూడూ చూపించి, ఏం అర్థమైందో చెప్పమన్నాను. అన్నీ చెప్పింది. ఒక్కచోట మాత్రం బోల్తా పడ్డాం. కాలికి తాడు బిగించి కడుతున్న బొమ్మ మీద నేను ఎర్రగా ఇంటూ మార్కు పెట్టాను, చేయొద్దని. తను దాన్ని ఆస్పత్రి గుర్తనుకుంది. ‘తాడు కట్టి ఆస్పత్రికి తీసుకుపోవాలి గదమ్మా’ అంది! నాకు నోట మాట రాలేదు. చేయకూడని పనిని అంత పెద్ద బొమ్మగా చూపిస్తే గుర్తుండేది ఆ పనే. ఆ స్లైడు పీకేసి, విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఊతం పెట్టి, గుడ్డతో వదులుగా చుట్టిన బొమ్మ పెట్టమని మీ మామయ్యకు చెప్పాను. తాడు గురించి నోటితో చెబితే చాలు.

ఆ బొమ్మ ఇంకా రాలేదు. రాగానే ఫైలు పంపిస్తాను. ఈలోగా మీరు క్యాంపు పెట్టే ఊరికి దగ్గర్లో విరుగుడు మందు ఉండే ఆస్పత్రి ఏదో ఫోను చేసి కనుక్కోండి. చివరి స్లైడు దాని కోసమే ఖాళీగా ఉంచాను: ఆస్పత్రి పేరు, దారి, 108.

మీ అమ్మమ్మ