ఉద్యోగం చేస్తూ గ్రూప్-2: కోచింగ్‌పై అపోహలు, వాస్తవాలు

పదేళ్లకు పైగా కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి చదివేవాళ్లకు టెస్టులు పెట్టి, వాళ్ల తప్పులు దిద్దుతున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒక్కటే: "కోచింగ్‌లో చేరమంటారా సార్?"

అపోహ: కోచింగ్‌లో చేరితే సిలబస్ పూర్తవుతుంది.

పూర్తయ్యేది క్లాసులో. మన తలలో కాదు. ఆరింటికి ఆఫీసు వదిలి, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా క్లాసు విని, తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్లకు చదువుకోవడానికి మిగిలేది పొద్దున గంటన్నర. నిన్న విన్న రెండు గంటల పాఠాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ఆ గంటన్నర చాలదు. మూడో వారానికల్లా నోట్సు పేరుకుపోతుంది. "ఆదివారం చూసుకుందాం" అన్న మాట మొదలైతే, ఇక క్లాసు మీ చదువును మింగేస్తున్నట్టే.

అపోహ: మార్కులు రావట్లేదంటే కోచింగ్ లేకపోవడమే కారణం.

చాలామంది డబ్బూ సాయంత్రాలూ పోగొట్టుకునేది ఇక్కడే. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ రాయబోతున్న ఒక ఉద్యోగిని పోయినసారి నా దగ్గరికి వచ్చింది. ఫీజు కట్టేద్దామనే వచ్చింది. నేను పాత పేపరు ఒకటి ఇచ్చి, గడియారం పెట్టి రాయించాను. 150 ప్రశ్నల్లో 128 పెట్టింది. 74 రైటు, 54 తప్పు. తప్పుకు మూడో వంతు కోత కాబట్టి 18 పోయి 56 మిగిలాయి.

ఆ 54 తప్పుల్నీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు కుప్పలుగా విడదీశాం. అసలు తెలియనివి 11. చదివి మర్చిపోయినవి 24. ప్రశ్న సరిగ్గా చదవక పోగొట్టుకున్నవి 9. మెంటల్ ఎబిలిటీలో తొందరపడి తప్పినవి 10. వీటిలో పాఠం వింటే నేరుగా దిద్దుకునేవి మొదటి పదకొండే. వదిలేసిన 22లో కూడా 13 మెంటల్ ఎబిలిటీవే, టైము చాలక.

పెద్ద కుప్ప 24ది. అందులో ఒకటి చెబుతాను. బెంగాల్ విభజన, సూరత్ చీలిక, మింటో-మార్లే సంస్కరణలు, విభజన రద్దు: వీటిని కాలక్రమంలో అమర్చమన్నారు. నాలుగింటి గురించీ గడగడా చెప్పింది, వరుస మాత్రం తప్పింది. దానికి ఇంకో లెక్చరు ఎందుకు? పొద్దున్నే తెల్లకాగితం తీసి, పుస్తకం చూడకుండా 1905, 1907, 1909, 1911 అని రాసుకుని, పక్కన సంఘటనలు నింపమన్నాను. తప్పితే ఎర్ర ఇంకుతో దిద్ది, మూడో రోజు మళ్లీ, పదో రోజు మళ్లీ. ప్రతి టాపిక్‌కూ ఇలాంటి కాగితం ఒకటి. ప్రశ్న చదవని తప్పులకైతే "సరికానిది" అన్న మాట కనబడగానే గీత గీయడం అలవాటు చేయించాను.

ఆరు వారాల తర్వాత ఇంకో పాత పేపరు. ఈసారి 118 పెట్టింది, 82 రైటు, 36 తప్పు. 12 పోగా 70. ఒక పేపరు కన్నా మరో పేపరు కాస్త కష్టంగానో తేలికగానో ఉంటుంది కాబట్టి మొత్తం మార్కుల కన్నా నేను కుప్పలే చూశాను. మర్చిపోయినవి 24 నుంచి 10కి దిగాయి.

అపోహ: సొంతంగా చదవడమంటే ఎవరి సాయమూ లేకుండా చదవడం.

ఆ అమ్మాయి ఇంటర్ తర్వాత లెక్కల ముఖం చూడలేదు. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని పుస్తకం చూసి నేర్చుకోవడం ఆమెకు కుదరలేదు. ఆ ఒక్క సబ్జెక్టుకే వారాంతపు బ్యాచ్‌లో చేర్పించాను. ప్రిలిమ్స్ 150లో మెంటల్ ఎబిలిటీ 30 మార్కులు, వదులుకునేవి కావు. చేరేటప్పుడు ఒక షరతు పెట్టాను: ఒక చాప్టరు అయిన రెండు వారాలకు అందులోంచి 25 లెక్కలు టైము పెట్టుకుని చేయాలి. పదిహేనుకు తక్కువ వస్తే క్లాసు అర్థమైంది గానీ చేయి తిరగలేదని లెక్క. అప్పుడు ఆ వారం కొత్త క్లాసు మానేసి అయినా పాత లెక్కలు చేయాలి. ఫీజు కట్టాం కదా అని ఒక్క క్లాసూ వదలకుండా కూర్చునేవాళ్లు ఈ మాట వినరు. తను విని, మొదటి నెలలో రెండు క్లాసులు మానేసింది.

మెయిన్స్‌కు కూడా ఇంతే. రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, ఏపీ చరిత్ర, సైన్స్: ముందు పాత పేపరు రాసి, కుప్పలు విడదీసి, ఆ తర్వాతే ఫీజు సంగతి చూడండి.