హై-లో పద్ధతిలో ‘హై’ అంటే ఏది? కొన్ని అపోహలు, వాస్తవాలు

సీఎంఏ పరీక్షలు దగ్గర పడితే చాలు, రాత్రి పదింటికి ఫోన్. “సార్, నాకు ఫిక్స్‌డ్ కాస్ట్ మైనస్‌లో వస్తోంది. లెక్క మూడుసార్లు చూశాను, తప్పెక్కడో తెలియట్లేదు.” పాపం, గొంతులోనే టెన్షన్ తెలుస్తుంది. వీళ్లు వేసేది హై-లో లెక్క: ఒక ఖర్చులో ఉత్పత్తిని బట్టి మారే వేరియబుల్ ఎంత, ఉత్పత్తితో మారని ఫిక్స్‌డ్ ఎంత అని రెండు నెలల అంకెలతో విడదీయడం. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉంటాయి. తప్పంతా మొదటి అడుగులో, నెలలు ఎంచుకునే దగ్గరే ఉంటుంది. “ఎక్కువ ఖర్చైన నెల, తక్కువ ఖర్చైన నెల తీసుకోవాలని ఎవరో చెప్పారు సార్” అంటారు. ఆ ‘ఎవరో’ ఎవరో నాకు ఇన్నేళ్లలో దొరకలేదు.

అపోహ: హై అంటే ఎక్కువ ఖర్చు, లో అంటే తక్కువ ఖర్చు.

కాదు. హై అంటే ఎక్కువ ఉత్పత్తి జరిగిన నెల, లో అంటే తక్కువ ఉత్పత్తి జరిగిన నెల. ఆ నెలల్లో ఖర్చు ఎంతైతే అంత. ఉత్పత్తి మారితే ఖర్చు ఎంత మారుతుందన్నది కదా మన ప్రశ్న? కాబట్టి చూడాల్సింది ముందు ఉత్పత్తిని.

ఇది విద్యార్థులకు మార్కులు పోయే తప్పు మాత్రమే అనుకునేవాణ్ణి. ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లాక ఆ అభిప్రాయం మారింది. నెలకు 50,000 పెట్టెల కెపాసిటీ ఉన్న యూనిట్ అది. వాళ్ల మెషిన్ల మెయింటెనెన్స్ ఖర్చు, అంకెలు తేలిగ్గా ఉండేలా సవరించి ఇస్తున్నాను:

| నెల | పెట్టెలు | ఖర్చు (₹) |
|---|---|---|
| ఏప్రిల్ | 30,000 | 1,37,000 |
| మే | 36,000 | 1,86,000 |
| జూన్ | 27,000 | 1,16,000 |
| జులై | 24,000 | 1,20,000 |
| ఆగస్టు | 40,000 | 1,58,000 |
| సెప్టెంబర్ | 44,000 | 1,70,000 |

అక్కడి అకౌంటెంట్ కుర్రాడు మే, జూన్ నెలలు తీసుకున్నాడు. ఖర్చులో తేడా 70,000, పెట్టెల్లో తేడా 9,000. పెట్టెకు వేరియబుల్ ₹7.78 వచ్చింది. దాన్ని జూన్ పెట్టెలతో గుణిస్తే 2,10,000. అసలు ఖర్చే 1,16,000 అయితే ఫిక్స్‌డ్ ఎంత? మైనస్ 94,000! ఫ్యాక్టరీ మూసేసి కూర్చుంటే ఎవరో మనకు ఎదురు డబ్బిస్తారన్నమాట. అతను దాన్ని ‘రౌండింగ్ తేడా’ అనుకుని వదిలేశాడట.

ఎందుకు వదిలేశాడో తర్వాత అర్థమైంది. వేరియబుల్‌కు ఫిక్స్‌డ్ కలిపే ఆ ఫార్ములాలో 30,000 పెట్టెలు పెడితే సుమారు 1,39,300 వస్తుంది. ఏప్రిల్‌లో అసలు ఖర్చు 1,37,000. చూడ్డానికి అచ్చంగా సరిపోయినట్టే ఉంది! తాను తీసుకున్న నెలలకు దగ్గర్లో తప్పు ఫార్ములా కూడా కుదిరినట్టే కనిపిస్తుంది. దూరం పోయేకొద్దీ బండారం బయటపడుతుంది.

పడింది కూడా. అప్పుడు ఫ్యాక్టరీ నెలకు 30,000 పెట్టెల దగ్గర నడుస్తోంది. ఓ పచ్చళ్ల కంపెనీ నుంచి నెలకు మరో 20,000 పెట్టెలకు ఎంక్వైరీ వచ్చింది. కొటేషన్‌లో మెయింటెనెన్స్ కింద పెట్టెకు ₹7.78 కలిపారు. ఆర్డర్ వేరేవాళ్లకు పోయింది.

ఇప్పుడు సరైన లెక్క. ఎక్కువ ఉత్పత్తి సెప్టెంబర్‌లో, తక్కువ ఉత్పత్తి జులైలో. పెట్టెల్లో తేడా 20,000, ఖర్చులో తేడా 50,000. పెట్టెకు వేరియబుల్ ₹2.50. జులై 24,000 పెట్టెలకు అది 60,000. ఆ నెల మొత్తం 1,20,000లోంచి తీసేస్తే ఫిక్స్‌డ్ 60,000. అంటే కొటేషన్‌లో పెట్టెకు ₹5.28 చొప్పున, నెలకు లక్ష పైచిలుకు అనవసరంగా కలిపారు. ఆర్డర్ పోవడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు కానీ, యజమాని ముఖం చూశాక ఆ మాట నా నోట రాలేదు.

ఈ లెక్క సరైనదో కాదో చూసుకోవడానికి వాడని నెలలు ఉండనే ఉన్నాయి. ఆగస్టు 40,000 పెట్టెలకు ఫార్ములా 1,60,000 చెబుతుంది, అసలు 1,58,000. బాగుంది. ఏప్రిల్‌కు 1,35,000, అసలు 1,37,000. ఇదీ బాగుంది. మే నెలకు మాత్రం 1,50,000 రావాల్సింది, అయింది 1,86,000. ఫిట్టర్‌ను అడిగితే ఆ నెల పెద్ద మెషిన్ ఆగిపోయి రోలర్ మార్చారని చెప్పాడు. జూన్‌లో 11,500 తగ్గింది, ఎందుకంటే మేలో అంత ఖర్చయిందని ఆ నెల సర్వీసింగ్ మానేశారు. అకౌంటెంట్ ఏరికోరి తీసుకున్నవి సరిగ్గా ఈ రెండు నెలలే. ఎక్కువ ఖర్చు, తక్కువ ఖర్చు అని వెతికితే దొరికేవి చాలాసార్లు ఇలాంటి తేడా నెలలే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ రోలర్ సెప్టెంబర్‌లో పోయి ఉంటే? అప్పుడు ఎక్కువ ఉత్పత్తి నెలే తేడా నెల అయ్యేది. రోలర్ బిల్లు విడిగా తెలిస్తే అది తీసేసి లెక్క వేయాలి, తెలియకపోతే ఆ నెల వదిలి తర్వాతి ఎక్కువ ఉత్పత్తి నెలకు వెళ్లాలి. రెండు నెలల మీదే నిలబడే పద్ధతికి ఈ బలహీనత తప్పదు.

అపోహ: 60 శాతం కెపాసిటీ దగ్గర ఖర్చు తెలిస్తే 100 శాతానికి త్రైరాశికం వేస్తే చాలు.

పై ఫ్యాక్టరీలోనే చూడండి. 60 శాతం అంటే 30,000 పెట్టెలు, మెయింటెనెన్స్ 1,35,000. 80 శాతం దగ్గర 1,60,000. 100 శాతం దగ్గర 1,85,000. పెట్టెకు చూస్తే 4.50, 4.00, 3.70. త్రైరాశికం వేస్తే 100 శాతానికి 2,25,000 వస్తుంది, 40,000 ఎక్కువ. అట్ట, గమ్ము లాంటి పూర్తి వేరియబుల్‌కు అది చెల్లుతుంది, దీనికి చెల్లదు. కిందికి దిగేటప్పుడు ఇంకా ఘోరం. 100 శాతం బడ్జెట్‌ను 60కి కుదిస్తే 1,11,000 వస్తుంది. ఫిట్టర్ న్యాయంగానే 1,35,000 ఖర్చు పెట్టి “24,000 ఎక్కువ ఎందుకైంది?” అని మాటలు పడతాడు. మరో చోట ఇలాంటి మీటింగ్‌లో నేను కూర్చున్నాను. నోట్‌బుక్‌లో బోల్టుల లెక్క కూడా రాసుకునే మనిషి, తల దించుకుని నిలబడ్డాడు.

అపోహ: ఒకసారి తేల్చిన ఫిక్స్‌డ్ ఎంత ఉత్పత్తికైనా అంతే.

మన నెలలు 24,000 నుంచి 44,000 దాకానే ఉన్నాయి. 50,000 అంటే చూడని చోటుకి వెళ్తున్నట్టే. రెండో షిఫ్ట్ పెట్టి ఇంకో ఫిట్టర్‌ను తీసుకుంటే అతని జీతాన్ని ఆ 60,000 ఫిక్స్‌డ్‌కు కలపాలి, నా 1,85,000 చెల్లదు. పరీక్షలో ‘ఫలానా స్థాయి దాటితే ఫిక్స్‌డ్ ఇంత పెరుగుతుంది’ అని ఇస్తే, ఆ పెరిగిన మొత్తాన్ని హై నెల ఖర్చులోంచి తీసేశాకే తేడా కట్టండి.

అపోహ: కొంత ఫిక్స్‌డ్, కొంత వేరియబుల్ కలిసిన సెమీ వేరియబుల్ ఖర్చు దేనికైనా హై-లో వేయాల్సిందే.

ఫ్యాక్టరీలకు వచ్చే హెచ్‌టీ కరెంటు బిల్లు తీసి చూడండి. డిమాండ్ చార్జీలు కేవీఏ లెక్కన ఒక వరుసలో, వాడిన యూనిట్లకు ఎనర్జీ చార్జీలు ఇంకో వరుసలో ఉంటాయి. మీరు విడదీయాల్సింది పెద్దగా లేదు, బోర్డు వాళ్లే విడదీసి పంపారు. డిమాండ్ చార్జీల్లో కొంత, మెషిన్లు తక్కువ నడిచినా ముందే ఒప్పుకున్న కాంట్రాక్ట్ డిమాండ్‌ను బట్టి కట్టాల్సిందే. అలాంటి బిల్లులు పట్టుకుని ఆరు నెలల మొత్తాల మీద హై-లో వేసి, బిల్లు మీదున్న అంకెకు దగ్గరగా వచ్చిందని సంబరపడినవాళ్లను కూడా చూశాను.