యూరియా వలయం ఎక్కడ తెగింది?

యూరియా అణువులో రెండు నత్రజని పరమాణువులు ఉంటాయి. రెండూ ఒకే దారిన రావు. ఒకటి అమ్మోనియాగా వస్తుంది, రెండవది ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం మీద ఎక్కి వస్తుంది. ఈ చిన్న విషయం గుర్తుంటే, శరీరం యూరియాను తయారుచేసే దారి అయిన యూరియా వలయం సగం అర్థమైనట్లే. అది చెడిపోయిన పసిబిడ్డలో లోపం ఎక్కడుందో వైద్యులు ఎలా పట్టుకుంటారో కూడా దీని నుంచే తెలుస్తుంది.

రోజుకు 100 గ్రాముల ప్రోటీన్ తినే మనిషి శరీరం సుమారు 16 గ్రాముల నత్రజనిని వదిలించుకోవాలి. అది అమ్మోనియాగా రక్తంలో తిరిగితే మెదడు తట్టుకోలేదు. అందుకే కాలేయం దాన్ని హాని లేని, నీటిలో తేలిగ్గా కరిగే యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది.

పని కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో మొదలవుతుంది. అమ్మోనియా, బైకార్బొనేట్ కలిసి కణానికి శక్తి నాణేల్లాంటి ఏటీపీలను రెండు ఖర్చుచేసి కార్బమైల్ ఫాస్ఫేట్ అవుతాయి. అది ఆర్నిథిన్‌తో కలిస్తే సిట్రులిన్ తయారవుతుంది. ఈ రెండవ మెట్టును నడిపే ఎంజైమును పొడుగు పేరు ఎందుకులే అని అందరూ ఓటీసీ అంటారు. సిట్రులిన్ మైటోకాండ్రియా దాటి బయటి కణద్రవంలోకి వస్తుంది. అక్కడ ఆస్పార్టేట్ తన నత్రజనితో సహా దానికి అతుక్కుంటుంది. అలా పుట్టిన ఆర్జినినోసక్సినేట్ తర్వాతి మెట్టులో రెండు ముక్కలవుతుంది: ఒకటి ఆర్జినిన్, ఇంకొకటి ఫ్యూమరేట్. చివరకు ఆర్జినేజ్ అనే ఎంజైము ఆర్జినిన్ నుంచి యూరియాను కోసివేస్తే మళ్లీ ఆర్నిథిన్ మిగులుతుంది. అది మైటోకాండ్రియాలోకి తిరిగి వెళ్లి మరో విడతకు సిద్ధమవుతుంది.

ఇది వలయమని ఎలా తెలిసింది? 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కాలేయపు పలుచని ముక్కలకు కొద్దిగా ఆర్నిథిన్ కలిపి చూశారు. కలిపిన ఆర్నిథిన్ లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువ యూరియా వచ్చింది. అంటే ఆర్నిథిన్ ఖర్చయిపోవడం లేదు, తిరిగి తిరిగి వస్తోంది. అదే క్రెబ్స్ ఐదేళ్ల తర్వాత ఆహారం నుంచి కణం శక్తిని రాబట్టే సిట్రిక్ ఆమ్ల వలయాన్నీ వివరించారు. ఆయన కనుగొన్న ఈ రెండు వలయాలు ఒకదానికొకటి ముడిపడి ఉండటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఆ ముడి ఫ్యూమరేట్ దగ్గర ఉంది. ఫ్యూమరేట్ సిట్రిక్ ఆమ్ల వలయంలోనూ ఒక మజిలీ. యూరియా వలయం నుంచి విడిపడిన ఫ్యూమరేట్ నీటిని చేర్చుకుని మాలేట్ అవుతుంది. మాలేట్ ఆక్సలోఅసిటేట్‌గా మారుతుంది. ఇవి సిట్రిక్ ఆమ్ల వలయంలోని చివరి రెండు మెట్లే, కాకపోతే మైటోకాండ్రియా బయట కూడా జరుగుతాయి. ఆ ఆక్సలోఅసిటేట్ గ్లూటమేట్ నుంచి ఒక నత్రజనిని అందుకుంటే తిరిగి ఆస్పార్టేట్! అంటే నత్రజనిని దించివచ్చిన బండి చుట్టు తిరిగి మళ్లీ సరుకెక్కించుకుని వచ్చిందన్నమాట. పైగా మాలేట్ నుంచి ఆక్సలోఅసిటేట్ వచ్చేటప్పుడు శక్తిని మోసుకెళ్లే ఒక ఎన్ఏడీహెచ్ అణువు చేతికొస్తుంది. దాని విలువ సుమారు రెండున్నర ఏటీపీలు. యూరియా కోసం పెట్టిన ఖర్చులో మంచి భాగమే వెనక్కి వచ్చినట్లు.

ఇక ఓటీసీ లోపమున్న మగబిడ్డ సంగతి చూద్దాం. ఈ వలయపు లోపాలన్నిటిలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఒకే ఎక్స్ ఉన్న మగపిల్లల మీద దెబ్బ గట్టిగా పడుతుంది. పుట్టినప్పుడు బిడ్డ చక్కగా ఉంటాడు. కారణం, గర్భంలో ఉన్నంతకాలం వ్యర్థ నత్రజని మాయ గుండా తల్లికి చేరింది, ఆమె కాలేయమే ఆ పని చేసిపెట్టింది. రెండో రోజుకో మూడో రోజుకో పాలు తాగడం మానేస్తాడు, మగతగా పడి ఉంటాడు, వాంతులు చేసుకుంటాడు, శ్వాస వేగంగా తీస్తాడు. చూసినవారికి మొదట తట్టేది రక్తానికి ఇన్ఫెక్షన్ పాకిందేమోనన్న అనుమానమే.

ఆ వేగమైన శ్వాసలోనే ఆచూకీ ఉంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ముదిరితే రక్తం సాధారణంగా ఆమ్లం వైపు మొగ్గుతుంది. ఈ బిడ్డలో మాత్రం అమ్మోనియా మెదడులోని శ్వాస కేంద్రాన్ని రెచ్చగొట్టి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటకు పంపిస్తుంది, రక్తం క్షారం వైపు పోతుంది. రక్తంలో యూరియా కూడా తక్కువగా ఉంటుంది. అప్పుడు అమ్మోనియా పరీక్షిస్తే లీటరుకు అనేక వందల మైక్రోమోల్‌లు ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న నవజాత శిశువులో సాధారణంగా అది వంద లోపే. నమూనాను మంచులో ఉంచి వెంటనే పరీక్షించాలి, లేకపోతే సీసాలోనే అమ్మోనియా పెరిగి లెక్క తప్పుతుంది.

అమ్మోనియా పెరిగిందని తెలిసినంత మాత్రాన వలయం ఏ మెట్టు దగ్గర తెగిందో తెలియదు. దానికి సిట్రులిన్‌ను చూడాలి. ఈ బిడ్డలో అది దాదాపు కనిపించదు, ఎందుకంటే దాన్ని తయారుచేసే ఎంజైమే లేదు. అయితే మొదటి మెట్టు ఆగినా సిట్రులిన్ రాదు కదా? ఇక్కడ మూత్రంలోని ఒరోటిక్ ఆమ్లం తీర్పు చెబుతుంది. ఓటీసీ లేకపోతే కార్బమైల్ ఫాస్ఫేట్ పేరుకుని మైటోకాండ్రియా నుంచి బయటకు పొర్లుతుంది. బయట అది డీఎన్ఏలో ఉండే పిరిమిడిన్‌ల తయారీకి ముడిసరుకు, ఆ దారిలో మధ్యన పుట్టేదే ఒరోటిక్ ఆమ్లం. కాబట్టి అది ఎక్కువైతే ఓటీసీ లోపం. మొదటి మెట్టే ఆగి ఉంటే కార్బమైల్ ఫాస్ఫేట్ పుట్టనే లేదు, పొర్లడానికి ఏమీ ఉండదు.

ఈలోగా మెదడులో ఏం జరుగుతుంది? అక్కడి ఆస్ట్రోసైట్ కణాలు అమ్మోనియాను గ్లూటమేట్‌కు తగిలించి గ్లూటమిన్‌గా దాచుకుంటాయి. గ్లూటమిన్ పెరిగేకొద్దీ నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బుతాయి, మెదడు వాస్తుంది. అమ్మోనియా సిట్రిక్ ఆమ్ల వలయంలోని ఆల్ఫా కీటోగ్లూటరేట్‌ను లాగేసి శక్తి తయారీని దెబ్బతీస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయినా కళ్లెదుట బిడ్డ ప్రాణం తీసేది ఈ వాపే.

చికిత్సలో మొదట ప్రోటీన్‌ను ఒకటి రెండు రోజులు ఆపి, గ్లూకోజ్ ఎక్కిస్తారు. గ్లూకోజ్ లేకపోతే శరీరం తన కండరాలనే కరిగించి మరింత నత్రజనిని పుట్టిస్తుంది. అమ్మోనియా మరీ ఎక్కువగా ఉంటే డయాలిసిస్ తప్పదు. దీనికి తోడు వలయాన్ని పక్కన పెట్టి నత్రజనిని బయటకు పంపే మందులున్నాయి. బెంజోయేట్ గ్లైసిన్‌తో కలిసి ఒక నత్రజనిని, ఫినైల్ అసిటేట్ గ్లూటమిన్‌తో కలిసి రెండు నత్రజనులను మూత్రంలోకి తీసుకుపోతాయి.

ఫ్యూమరేట్‌ను విడదీసే మెట్టే చెడిపోయిన బిడ్డలో మాత్రం ఇంకో ఉపాయం ఉంది. అక్కడ ఆర్జినినోసక్సినేట్ చీలదు, కాబట్టి ఆర్జినిన్ పుట్టదు, దాంతో ఆర్నిథిన్ కరవై వలయం మొత్తం ఆగుతుంది. ఆర్జినిన్‌ను మందుగా ఇస్తే ఆర్జినేజ్ దాన్ని ఆర్నిథిన్‌గా మారుస్తుంది, ఆర్నిథిన్ అమ్మోనియా నుంచి ఒక నత్రజనిని, ఆస్పార్టేట్ నుంచి ఇంకొకటిని ఎక్కించుకుని మళ్లీ ఆర్జినినోసక్సినేట్ దగ్గరకు వచ్చి ఆగుతుంది. దాన్ని మూత్రపిండాలు సులువుగా వడకట్టేస్తాయి. యూరియా చేయవలసిన పనిని అడ్డుపడిన పదార్థమే చేసిపెడుతుందన్నమాట. ఒకటే తేడా, వెళ్లేటప్పుడు అది ఆర్నిథిన్‌ను, ఫ్యూమరేట్ కావలసిన భాగాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. అందుకే ఆ బిడ్డకు ఆర్జినిన్ రోజూ పోస్తూనే ఉండాలి.