జీతం ఆగిన ఖాతాలో కోతలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగం పోయిన పిల్లలు పాస్‌బుక్కు పట్టుకొచ్చి అడిగేది ఒకటే: "జీరో బ్యాలెన్స్ ఖాతా కదా సార్, డబ్బులెందుకు కోశారు?"

అపోహ: శాలరీ అకౌంటు ఎప్పటికీ జీరో బ్యాలెన్సే.
జీతం పడుతున్నన్నాళ్లే ఆ సౌకర్యం. చాలా బ్యాంకుల్లో వరసగా మూడు నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది. అప్పుడు ఉండాల్సిన కనీస నిల్వ తగ్గితే కోత పడొచ్చు.

అపోహ: కోసిన డబ్బు కోసం బతిమాలుకోవడమే తప్ప దారి లేదు.
ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, నిల్వ తగ్గిందని బ్యాంకు ముందు తెలియజేయాలి. ఆ రోజు నుంచి కనీసం నెల గడువిచ్చాకే కోయాలి. కాబట్టి అర్జీలో మొదట అడగాల్సింది ఆ మెసేజి పంపిన తేదీ.

మా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఖాతాలో వెయ్యి రూపాయలుంది. జూన్ 1న ఖాతా మారింది, ఉండాల్సిన సగటు నిల్వ 5,000. తగ్గినదాని మీద 6 శాతం, ఆపైన 18 శాతం జీఎస్టీ. జులై 1న 283.20 పోయింది. నిల్వ తగ్గేకొద్దీ కోత పెరిగి ఆగస్టులో 303.25, సెప్టెంబరులో 324.72 పోయాయి. మిగిలింది 88.83.

మెసేజి వెళ్లింది జూన్ 20న, అదీ కంపెనీ ఇచ్చిన సిమ్ముకు. ఉద్యోగంతోపాటే ఆ సిమ్మూ పోయింది. మొదటి కోతకు నెల గడువు దాటలేదు గనక అది హక్కుగా వెనక్కి రావాలి, జీఎస్టీతో సహా వచ్చింది. మిగతా రెండూ గడువు దాటినవి. చివరి జీతం పడిన తేదీ, కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటరు, సిమ్ము సంగతి రాసి ఇస్తే మేనేజరు ఒకటి మాఫీ చేశారు. మూడోది రాలేదు.

అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుము లేదు.

అపోహ: వదిలేస్తే ఖాతా మైనస్‌లోకి పోయి అప్పు మిగులుతుంది.
ఈ కోత ఒక్కదానివల్ల నిల్వ మైనస్ కాకూడదని అదే నిబంధనలో ఉంది. స్టేట్‌మెంటులో మైనస్ కనిపిస్తే అర్జీలో అదీ రాయండి.

అపోహ: వెంటనే మూసేయడమే మేలు.
పీఎఫ్ డబ్బు ఆ ఖాతాకే రావాల్సి ఉంటే తొందరపడకండి. అర్జీలోనే ఇంకో వాక్యం కలపండి: "నా ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చగలరు." దానికి కనీస నిల్వ అక్కర్లేదు. కాకపోతే అదే బ్యాంకులో మీకు మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. ఆ అమ్మాయి ఖాతా కూడా అలాగే మార్చాం, కొత్త ఫోన్ నంబరు ఎక్కించాకే.