పేరు కొట్టేశాక మిగిలే ఆనవాళ్లు

పేరు, ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్య తీసేసిన ఆసుపత్రి రికార్డులను పరిశోధన కోసం బయటికి ఇవ్వవచ్చా అన్న వాదన హనుమకొండలోని ఒక కళాశాల నీతిశాస్త్ర తరగతిలో మళ్లీ రాజుకుంది. ఇవ్వవచ్చనే వారు చెప్పేది ఒక్కటే: మనిషిని పట్టిచ్చే గడులు పోయాక ఆ వరుస ఎవరిదీ కాదు. గోప్యతపై 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోనక్కర్లేదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం మాత్రం, గుర్తించడానికి వీలున్న వ్యక్తికి సంబంధించిన సమాచారమంతా వ్యక్తిగతమేనంటుంది. సమాచారం ఎవరిదో గుర్తుపట్టలేకుండా చేయడమనే అనామకీకరణకు 2019 నాటి డేటా రక్షణ బిల్లులో ఉన్న నిర్వచనం ఈ చట్టంలో లేదు. ఆ ‘వీలు’ ఎంతవరకన్నదే తగువు. అది మొదట తేలింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో.

1990ల నడుమ అక్కడి ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా సంస్థ, సుమారు 1,35,000 మంది ఉద్యోగులతో పాటు వారి కుటుంబాల చికిత్సల వివరాలను పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చింది. గోప్యతకు భంగం లేదని గవర్నర్ విలియం వెల్డ్ హామీ ఇచ్చారు. ఆ పట్టికలో పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ అలాగే ఉన్నాయి. ఎంఐటీలో చదువుతున్న లటాన్యా స్వీనీ, వెల్డ్ నివసించే కేంబ్రిడ్జ్ పట్టణపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొన్నారు. ఆ జాబితాలో ఆయన పుట్టిన తేదీ ఆరుగురికి ఉంది, వారిలో పురుషులు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే. అలా గవర్నర్ చికిత్స వివరాలు ఆమె చేతికి వచ్చాయి. ఈ మూడు వివరాలతో అమెరికా జనాభాలో 87 శాతం మంది విడిగా తేలిపోతారని ఆమె 2000లో లెక్కగట్టారు.

ఈ లెక్కపై అభ్యంతరాలు లేకపోలేదు. 2006లో ఫిలిప్ గోల్ మళ్లీ లెక్కించి 63 శాతం అన్నారు. కేంబ్రిడ్జ్‌లో సగానికి కాస్త ఎక్కువ మందే ఓటర్లుగా నమోదయ్యారు కాబట్టి, జాబితాకెక్కని మరో వ్యక్తికీ అవే వివరాలు ఉండవచ్చని, 1996 మే నెలలో వెల్డ్ ఒక సభలో స్పృహతప్పి ఆసుపత్రిలో చేరిన సంగతి పత్రికల్లో రావడం వల్లనే గుర్తింపు ఖాయమైందని డేనియల్ బార్త్-జోన్స్ 2012లో వాదించారు. ఈ మాట నిజమే. అయితే మన వైపు ఆ మాటే వాదనను తిరగేస్తుంది.

మన ఓటర్ల జాబితాలో వయసే తప్ప పుట్టిన తేదీ ఉండదు కనుక ఇక్కడ ఆ ప్రమాదం లేదని తరగతిలో కొందరన్నారు. కానీ పత్రికల జిల్లా పేజీలు చూడండి: రోడ్డు ప్రమాదమో పాముకాటో జరిగితే బాధితుని పేరు, ఊరు, వయసు, ఏ రోజు వరంగల్‌లోని ఏ ఆసుపత్రికి తరలించారన్నదీ అచ్చవుతాయి. ములుగు జిల్లాలోని ఒక తండాకు చెందిన 34 ఏళ్ల వ్యక్తి ప్రమాదంలో గాయపడ్డాడనుకుందాం. ఆసుపత్రి ఇచ్చిన పట్టికలో ఊరు, వయసు, చేరిన తేదీ ఉంటే, ఆ తేదీన ఆ ఊరి నుంచి అదే వయసు మగవాడు మరొకడు చేరి ఉండడం అరుదు. ప్రమాదం సంగతి ఊరందరికీ తెలిసిందే, దాచేదేమీ లేదు. అదే వరుసలో శస్త్రచికిత్సకు ముందు చేసిన హెచ్ఐవీ పరీక్ష ఫలితం కూడా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

దీనికి విరుగుడుగా స్వీనీ, పియరాంజెలా సమరాటి 1998లో ప్రతిపాదించిన పద్ధతిలో వివరాలను మొద్దుబరుస్తారు. ఊరి బదులు జిల్లా, 34 బదులు 30–39 అని రాస్తూ, ఒకే ఆనవాళ్లున్న వరుసలు ప్రతి గుంపులోనూ కనీసం ఐదైనా ఉండేలా చూస్తారు. అప్పుడు ఐదుగురిలో మనవాడెవరో తెలియదు. కానీ ఆ ఐదుగురికీ క్షయే ఉంటే, ఎవరి వరుస ఏదో తెలియకుండానే జబ్బు తెలిసిపోతుంది. ఈ లోపాన్ని 2006లో మచ్చనవజ్జల, ఆయన సహచరులు చూపి, గుంపులో జబ్బులూ వేర్వేరుగా ఉండాలన్న షరతు చేర్చారు. ఆ షరతు తీరేలా గుంపులను పెంచుకుంటూ పోతే, మండలాల మధ్య తేడా చూడాలనుకున్న పరిశోధకుడికి ఆ పట్టికతో పెద్దగా పని ఉండదు.

ఇప్పుడు తరగతిలో పేచీ చేరిన తేదీ గడి దగ్గర ఆగింది. అది లేకుంటే డెంగీ ఏ రుతువులో పెరుగుతుందో ఎలా తెలుస్తుందని పరిశోధన పక్షం అడుగుతోంది. దానికి తేదీ అక్కర్లేదు, నెల చాలు. జ్వరం మొదలైన ఎన్నాళ్లకు ఆసుపత్రికి వచ్చారన్నది కావాలంటే, ఆ రోజుల సంఖ్యను ఆసుపత్రిలోనే లెక్కించి తేదీలు తీసేసి ఇవ్వవచ్చు. అమెరికా ఆరోగ్య గోప్యతా నిబంధనల్లో గడులు తొలగించే పద్ధతి ఇంకా కఠినం: చేరిన తేదీలో సంవత్సరం తప్ప మరేదీ మిగలకూడదు. ఇవ్వవచ్చనే వారు తేదీ గడే కావాలని పట్టుబడుతున్నారు కానీ, నెలతో తీరని అవసరం ఏమిటో ఇంకా చెప్పలేదు.