ఇంట్లో చేసిన ఫ్రాపే నీళ్లగా ఎందుకు విడిపోతుంది? అపోహలు - వాస్తవాలు

కాఫీ, పాలు, ఐసు కలిపి చిలికే ఫ్రాపే కెఫేలో ఇస్తే గ్లాసు అడుగు దాకా ఒకే చిక్కదనంతో ఉంటుంది. అదే ఇంట్లో బ్లెండర్‌లో చేస్తే చాలాసార్లు ఐదు నిమిషాలకే మూడు పొరలవుతుంది. పైన నురగ, దాని కింద తెల్లటి ఐసు రవ్వ, అడుగున లేత గోధుమరంగు నీళ్లు. చాలామంది తప్పు కాఫీ పొడి మీదో, బ్లెండర్ మీదో వేస్తారు. చాలావరకు తప్పు జరిగేది వేడి లెక్కలో. గ్లాసులో కరగాల్సిన ఐసు జార్‌లోనే కరిగిపోతోంది. దీని చుట్టూ తిరిగే అపోహలే ఇక్కడ చూద్దాం.

ముందు కొలత చెప్పుకుంటే మిగతా మాటలు సులభంగా అర్థమవుతాయి. 350 మి.లీ. గ్లాసు ఒకదానికి ఇన్‌స్టంట్ కాఫీ 2 టీస్పూన్లు (సుమారు 4 గ్రాములు), పంచదార 2 టేబుల్ స్పూన్లు (25 గ్రాములు), నీళ్లు 30 మి.లీ., ఫ్రిజ్‌లో చల్లబడిన పాలు 120 మి.లీ., ఐసు 170 గ్రాములు కావాలి. మామూలు ట్రేలో ఒక్కో ఐసు ముక్క 20-25 గ్రాములుంటుంది కాబట్టి ఏడెనిమిది ముక్కలు సరిపోతాయి. గుర్తుంచుకోవాల్సింది బరువుల నిష్పత్తి: పాలు, నీళ్లు కలిపి ఎంతో, ఐసు దానికన్నా కాస్త ఎక్కువ.

అపోహ: ఐసు చల్లబరుస్తుంది కదా, పాలు ఎలా ఉన్నా పర్వాలేదు.

ఎక్కువ గ్లాసులు పాడయ్యేది ఇక్కడే. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కేలరీ వేడి బయటికొస్తుంది. పాలకూ దాదాపు అంతే. 28 డిగ్రీల గది వేడిలో ఉన్న 150 మి.లీ. ద్రవం సున్నాకు దిగాలంటే సుమారు 4,000 కేలరీలు వదలాలి. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐసు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది సున్నాకు చేరేలోపు తనంతట తానే 1,500 కేలరీలు పీల్చుకుంటుంది. మిగిలిన 2,500 కేలరీలకు 30 గ్రాములకు పైగా ఐసు కరుగుతుంది. అంటే ముక్కన్నర ఐసు నురగకూ చిక్కదనానికీ పనికిరాకుండా ఉత్త నీళ్లయిపోయింది. ఆ ఐసు అరగంట గిన్నెలో బయట ఉండి తడిగా మెరుస్తూ ఉంటే, దాని సొంత చలి అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అప్పుడు కరిగేది 50 గ్రాములు.

అదే ద్రవం 4 డిగ్రీల్లో ఉంటే వదలాల్సింది 600 కేలరీలే. ఫ్రీజర్ ఐసుకున్న చలితోనే ఆ లెక్క తీరిపోతుంది. పంచదార గడ్డకట్టే స్థాయిని దించుతుంది కాబట్టి కొంత ఐసు ఎలాగూ కరుగుతుంది, ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అయినా తేడా ఎంతో తెలుస్తుంది. అందుకే పాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఐసు ఆఖరి క్షణంలోనే ఫ్రీజర్ నుంచి రావాలి. వేలికి అంటుకునేంత పొడిగా ఉన్న ఐసే మంచిది. జార్ ఇంతకుముందే వేడినీళ్లతో కడిగి ఉంటే దాన్నీ చల్లబడనివ్వండి.

మరిగించి చల్లార్చిన పాలైతే మీగడ తప్పకుండా వడగట్టండి. చల్లటి మీగడ బ్లేడు కింద చిలికినట్టయి వెన్న రేణువులుగా విడుతుంది. అవి గ్లాసు అంచుకూ, స్ట్రాకూ పసుపుపచ్చని చుక్కల్లా అంటుకుంటాయి.

అపోహ: ఇన్‌స్టంట్ కాఫీ వేడినీళ్లలోనే కరుగుతుంది.

చల్లటి నీళ్లలోనూ కరుగుతుంది, కాస్త సమయం పడుతుంది, అంతే. ఉండలు కట్టేది ఎక్కువగా పొడిని నేరుగా చల్లటి పాలలో వేసినప్పుడు. వేడినీళ్లలో కరిగించి ఆ వేడివేడి డికాషన్‌నే ఐసు మీద పోస్తే మరో నష్టం. 80 డిగ్రీల 30 మి.లీ. కాఫీ నీళ్లు 2,400 కేలరీలు మోసుకొస్తాయి. అంటే ఇంకో 30 గ్రాముల ఐసు పోయినట్టే.

దీనికి తేలికైన దారి ఉంది. కాఫీ పొడి, పంచదార, 30 మి.లీ. చల్లటి నీళ్లు, ఈ మూడింటినే ముందు చిలకండి. బ్లెండర్ పెద్దదైతే ఇంత తక్కువ ద్రవం బ్లేడుకు అందదు. అప్పుడు మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి అర నిమిషం బలంగా ఊపండి. ముదురు రంగు పోయి లేత గోధుమరంగు నురగ లేస్తుంది. చెంచాతో తీస్తే నిలబడాలి, అడుగున పంచదార గరగరలాడకూడదు. ఇన్‌స్టంట్ కాఫీలో నూనె చాలా తక్కువ కాబట్టి ఈ నురగ నిలుస్తుంది. పాలు ముందే కలిపితే వాటి కొవ్వు ఈ నురగను అణచేస్తుంది. అందుకే పాలు రెండో విడతలో.

ఎస్ప్రెసో లేకుండా చేసింది అసలు ఫ్రాపే కాదనే మాట కూడా వినిపిస్తుంది. నిజానికి ఈ పానీయం పుట్టిందే ఇన్‌స్టంట్ కాఫీతో. 1957లో గ్రీస్‌లోని థెస్సలొనీకి అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో నెస్లే ఉద్యోగి దిమిత్రిస్ వకొందియోస్‌కు కాఫీ తాగాలనిపించి, వేడినీళ్లు దొరక్క, ఇన్‌స్టంట్ కాఫీని చల్లటి నీళ్లు, ఐసుతో షేకర్‌లో వేసి ఊపాడు. అక్కడ వచ్చింది ఈ నురగే. ఐసును బ్లెండర్‌లో నలిపి చేసే చిక్కటి ఫ్రాపే తర్వాత వచ్చిన రూపం.

అపోహ: ఎంత ఎక్కువసేపు తిప్పితే అంత మెత్తగా వస్తుంది.

కొంతవరకే. ఐసు ముక్కలు నలిగాక బ్లేడు ఇంకా తిరుగుతూ ఉంటే ఆ శక్తి అంతా వేడిగా మారి ద్రవంలోకే పోతుంది. జార్‌లోకి 300 వాట్ల శక్తి వెళ్తోందనుకుంటే, సెకనుకు దాదాపు ఒక గ్రాము ఐసు కరుగుతుంది. అదనంగా నిమిషం తిప్పితే రెండు ముక్కల ఐసు వృథా.

సరైన వరుస ఇలా ఉంటుంది. జార్‌లో ముందు పాలు, తర్వాత కాఫీ నురగ, అన్నిటికన్నా చివర ఐసు. ఐసు ముందు వేస్తే ముక్కలు బ్లేడు కింద ఇరుక్కుంటాయి, మోటారు మూలుగుతుంది. మూత పెట్టి రెండేసి సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు పల్స్ నొక్కండి. తర్వాత ఎక్కువ వేగంలో 20 నుంచి 30 సెకన్లు. ఎప్పుడు ఆపాలో చెవే చెబుతుంది. మొదట ముక్కలు జార్ గోడలకు కొట్టుకునే టకటకలు వినిపిస్తాయి, అవి ఆగిపోయి శబ్దం ఒకే స్థాయికి వచ్చాక ఐదు సెకన్లు లెక్కపెట్టి ఆపేయండి. అప్పుడు పైన మధ్యలో చిన్న సుడి కనిపిస్తుంది, అంచుల నుంచి మిశ్రమం లోపలికి మడతపడుతూ ఉంటుంది.

సుడి లేకుండా పైన ఐసు కదలకుండా నిలిచి, మోటారు శబ్దం మాత్రం సన్నగా పెరిగితే బ్లేడు చుట్టూ గాలి బుడగ చేరిందని అర్థం. అప్పుడు తిప్పుతూ పోయినా లాభం లేదు. బ్లెండర్ ఆపి, ప్లగ్ తీసి, చెంచాతో ఐసును కిందికి నెట్టి, ఒక టేబుల్ స్పూన్ చల్లటి పాలు పోసి మళ్లీ పల్స్ నొక్కండి. మోటారు బలహీనమైతే ఐసును ముందే గుడ్డలో చుట్టి పగలగొట్టి వేయడం మేలు.

అపోహ: చిక్కదనం కావాలంటే ఐసు పెంచాలి, లేదా ఐస్‌క్రీమ్ వేయాలి.

ఐసు పెంచితే చిక్కదనం కన్నా గరుకుదనం ముందొస్తుంది. ఐసు రవ్వలో రుచి ఉండదు, రుచంతా రవ్వల మధ్య ఉన్న ద్రవంలో ఉంటుంది. రవ్వ పెద్దదైతే స్ట్రాతో పీల్చినప్పుడు ద్రవం జారి వచ్చేస్తుంది, ఐసు అక్కడే ఉండిపోతుంది. సగం తాగాక గ్లాసులో రుచిలేని తెల్లటి ఐసు మిగిలిందంటే కారణం ఇదే. ఐస్‌క్రీమ్ వేస్తే బాగానే ఉంటుంది, కానీ అది మిల్క్‌షేక్ వైపు వెళ్తుంది, కాఫీ వెనక్కి తగ్గుతుంది.

కెఫేల్లో వాడే ఫ్రాపే పొడుల్లో పంచదారతో పాటు చిక్కబరిచే పదార్థం ఉంటుంది. ద్రవం చిక్కబడితే ఐసు రవ్వ పైకి తేలడం, నీళ్లు కిందికి దిగడం నెమ్మదిస్తాయి. ఇంట్లో ఆ పని జాంతన్ గమ్ అనే పొడి చేస్తుంది. ఈ కొలతకు టీస్పూన్‌లో ఎనిమిదో వంతు చాలు. దాన్ని ముందు పొడి పంచదారలో బాగా కలిపి, ఆ తర్వాతే నీళ్లు తగలనివ్వాలి. నేరుగా నీళ్లలో చల్లితే పైన జిగురు, లోపల పొడిగా ఉండే ఉండలవుతాయి, అవి ఇక కరగవు. కొలత రెట్టింపయితే గొంతులో జిగటగా జారుతుంది.

గమ్ లేకపోతే రెండు టేబుల్ స్పూన్ల పాలపొడి కలపండి. అంత గట్టిగా పట్టి ఉంచదు గానీ పదిహేను నిమిషాల్లో తాగేసేదైతే సరిపోతుంది. ఇంకో పద్ధతిలో 170 గ్రాముల ఐసులో సగం నీళ్ల ఐసు, సగం ఐసు ట్రేలో గడ్డకట్టించిన పాలు వాడతారు. అవి కరిగినా పాలే అవుతాయి కాబట్టి రుచి పలచబడదు. మొత్తం పాల ముక్కలే వేస్తే ఐసు కరకరలాడే గుణం పోయి మెత్తటి క్రీములా అవుతుంది. మొక్కజొన్న పిండి మాత్రం వేయకండి. పిండి ఉడికితేనే చిక్కబడుతుంది, చల్లటి పానీయంలో పచ్చివాసనతో అడుగున పేరుకుంటుంది.

అపోహ: వేడి కాఫీకి వేసే కొలతే దీనికీ సరిపోతుంది.

చాలదు. గ్లాసులో సగం ఐసే, అది కరిగేకొద్దీ కాఫీ పలచబడుతుంది. పైగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, వాసన కూడా తక్కువగా లేస్తుంది. అందుకే కాఫీ 2 టీస్పూన్లు, పంచదార 2 టేబుల్ స్పూన్లు. ఐసు వేయకముందు రుచి చూస్తే కాస్త ఘాటుగా, మరీ తీపిగా అనిపించాలి. అప్పుడే సరిగ్గా ఉందనిపిస్తే గ్లాసులోకి వచ్చేసరికి చప్పబడుతుంది. కాఫీ 3 టీస్పూన్లు దాటితే మాత్రం చేదు పైకొస్తుంది, దాన్ని పంచదార కప్పలేదు. పంచదార, పాలపొడి ముందే కలిసి ఉన్న కాఫీ ప్యాకెట్లకు ఈ కొలతలు వర్తించవు.

అపోహ: ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

ఫ్రిజ్‌లో ఐసు నిలవదు, కరిగి పలచటి కోల్డ్ కాఫీ మిగులుతుంది. ఫ్రీజర్‌లో పెడితే రాయిలా గడ్డకడుతుంది. ముందుగా చేసుకోగలిగింది కాఫీ పాలే. కాఫీ, పంచదార, పాలు పై కొలతలో కలిపి సీసాలో ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి బాగానే ఉంటుంది. నురగ అణిగిపోతుంది కాబట్టి ఐసు వేసే ముందు సీసా మూత బిగించి బాగా ఊపాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఫ్రాపే మిగిలితే బయట పది నిమిషాలు ఉంచి, ముక్కలు చేసి, రెండు టేబుల్ స్పూన్ల పాలతో పల్స్ నొక్కితే మళ్లీ తాగేలా వస్తుంది.