ఈ మబ్బు కొడుతుందా, పోతుందా?

ఏప్రిల్ నెలాఖరు. జగిత్యాల వైపు ఒక ఊళ్లో మా చిన్నాన్న కొడుకు యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్నాడు. తేమ 17 శాతానికి దిగితే గాని కాంటా పెట్టరు. తేమ దిగాలంటే ఎండ తగలాలి, ఎండ తగలాలంటే టార్పాలిన్ తీసి వడ్లు పలచగా పరిచి నేర్పాలి. నేర్పిన వడ్లను మళ్లీ కుప్ప చేసి కప్పడానికి ఇద్దరు మనుషులకు ముప్పావుగంట పడుతుంది. ఆ రోజు పొద్దున్నుంచి వాడు వాట్సాప్‌లో ఆకాశం ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. ప్రతి ఫొటో కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది కొడ్తదా, పోతదా?"

మొదటి ఫొటో పొద్దున 9 గంటలది. నీలాకాశంలో సన్నని మబ్బు వరసలు, వాటి మీద చిన్న చిన్న బురుజులు లేచి ఉన్నాయి. దూరం నుంచి కోటగోడను చూస్తే పైన పళ్లు పళ్లుగా కనిపిస్తుంది చూశారా, అలా. ఇది ఆల్టోక్యుములస్ జాతి మబ్బు. బురుజులు ఉన్న రకాన్ని క్యాస్టెల్లానస్ అంటారు. పది మందిలో తొమ్మిది మంది దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే ఎండ బాగానే కాస్తుంటుంది. కానీ నాకు మాత్రం ఎండాకాలంలో పొద్దున ఇది కనిపిస్తే టెన్షన్ మొదలవుతుంది. ఈ మబ్బులు మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఎత్తులో, నేల వేడి ఇంకా అందకముందే, గాలి తనంతట తాను పైకి పొంగుతోందంటే పైన చల్లగా ఉందని అర్థం. మధ్యాహ్నం నేల కాగి కింది నుంచి వేడిగాలి లేస్తే దాన్ని ఆపేవాళ్లు ఉండరు. వాన ఖాయమని కాదు, సరుకు సిద్ధంగా ఉందని మాత్రమే. ఆ రోజు వాడికి అదే చెప్పాను: వడ్లు నేర్పు, కానీ మూడింటికల్లా కుప్ప చెయ్.

ఇలాంటి ఫొటో చూసినప్పుడు మబ్బు ఏ ఎత్తున ఉందో ఎలా తెలుస్తుంది? ముద్దల సైజును బట్టి. చెయ్యి చాచి చిటికెనవేలు పట్టుకుంటే ఆ వెడల్పు ఆకాశంలో దాదాపు 1 డిగ్రీ. నెత్తికి కాస్త దగ్గరగా ఉన్న మబ్బు ముద్ద చిటికెనవేలి వెనక దాగిపోతే అది చాలా ఎత్తున ఉండే సిర్రోక్యుములస్. వేలికంటే పెద్దదై మూడు వేళ్ల వెనక దాగితే ఆల్టోక్యుములస్. మూడు వేళ్లకూ దాగకపోతే కిందనే ఉన్న స్ట్రాటోక్యుములస్. ఫొటోలో వేలు ఉండదు కదా అంటారా? ఫోన్ మామూలు లెన్స్‌తో అడ్డంగా తీసిన ఫొటో వెడల్పు సుమారు 65 డిగ్రీలు. అంటే ఫొటో వెడల్పులో అరవై అయిదో వంతు ఒక చిటికెనవేలు. అందుకే జూమ్ చేయకుండా, 0.5x పెట్టకుండా తీయమంటాను. 0.5x లెన్స్ మీదికొచ్చిన మబ్బును కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టు చూపిస్తుంది.

మధ్యాహ్నం 1 గంటకు వచ్చిన ఫొటోలో అక్కడక్కడా దూదిమబ్బులు. ఇవి క్యుములస్. వీటిలో చూడాల్సింది ఒక్కటే: ఎత్తు ఎక్కువా, వెడల్పు ఎక్కువా? చపాతీ పిండి ముద్దను కాస్త అదిమినట్టు వెడల్పుగా ఉంటే వాన ఇవ్వవు. వీటి అడుగు గీత గీసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఆ గీత దగ్గరే పైకి లేస్తున్న గాలిలోని తేమ చల్లబడి నీటి బిందువులుగా మారుతోంది. ఆ గీత ఎంత ఎత్తున ఉందో ఇంట్లో కూర్చుని లెక్క కట్టొచ్చు. గాలి ఎంతకు చల్లబడితే అందులోని తేమ నీళ్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. ఫోన్‌లో వెదర్ యాప్ చూపించే ఉష్ణోగ్రత నుంచి ఈ డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. ఆ మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40, డ్యూ పాయింట్ 22. తేడా 18. అంటే మబ్బు అడుగు దాదాపు 2,250 మీటర్ల ఎత్తున ఉంది. అదే జులైలో ఉష్ణోగ్రత 30, డ్యూ పాయింట్ 24 ఉన్న రోజున 750 మీటర్లే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఎండాకాలపు గాలివాన తత్వమంతా ఇందులోనే ఉంది. రెండు కిలోమీటర్ల పైనుంచి పడే చినుకు దారిలో వేడి, పొడి గాలిలో ఆవిరైపోతుంది. ఫొటోలో మబ్బు కింద నేలకు అందకుండా వేలాడే బూడిదరంగు తోకలు అవే. చినుకు ఆవిరైనప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి దబ్బున కిందికి జారుతుంది, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. మనం ఈదురుగాలి అనేది దీన్నే. వాన కంటే పది, ఇరవై నిమిషాల ముందు దుమ్ము లేపుకుంటూ వచ్చి, మామిడికాయలు రాల్చి, టార్పాలిన్ ఎగరేసుకుపోయేది ఇదే. వాన రెండు చినుకులే పడినా నష్టం మాత్రం జరిగిపోతుంది. కాబట్టి తోకలు వేలాడుతున్న మబ్బును చూసి "నేల మీద పడటం లేదులే" అని ధీమాగా ఉండకూడదు.

3 గంటల ఫొటో వచ్చింది. ఈసారి పడమర దిక్కున మబ్బు వెడల్పు కంటే ఎత్తుగా ఎదిగింది. పైభాగం కాలీఫ్లవర్ పువ్వులా ముద్దలు ముద్దలుగా ఉంది. అంచులు కత్తితో కోసినంత స్పష్టంగా ఉన్నాయి. అంచు అంత స్పష్టంగా ఉందంటే అక్కడ ఇంకా నీటి బిందువులే ఉన్నాయి, ఎదుగుదల సాగుతోందని అర్థం. ఇలాంటి మబ్బు జల్లు ఇవ్వగలదు. అరగంటలో ఉరుముల మబ్బుగా మారనూ వచ్చు, కూలిపోనూ వచ్చు. ఒక్క ఫొటోతో తేల్చలేం.

3:30 ఫొటోలో తేలిపోయింది. పైనున్న కాలీఫ్లవర్ ముద్దలు చెదిరి, దువ్విన జుట్టులా పోగులు పోగులుగా మారాయి. నీళ్లు మంచు స్ఫటికాలైపోయాయి. వాటికి పైన కమ్మరి దాగలిలాగా చదునైన కప్పు ఒక పక్కకు సాగింది. ఇక అది క్యుములోనింబస్, పిడుగులూ వడగళ్లూ మోసే మబ్బు. మబ్బు జాతులు పది ఉన్నా, ఒక్కదాన్నే గుర్తుపట్టడం నేర్చుకుంటానంటే నేను దీన్నే చెబుతాను. అది కూడా అడుగు నలుపును చూసి కాదు, తల చెదరడాన్ని చూసి. సాయంత్రం పడమర దిక్కున మబ్బుకు వెనక సూర్యుడు ఉంటాడు కాబట్టి మామూలు మబ్బు కూడా కారునలుపుగా కనిపిస్తుంది. అదే తూర్పున ఉన్న భయంకరమైన ఉరుముల మబ్బు ఎండ పడి వెన్నముద్దలా తెల్లగా మెరుస్తుంది. పైగా ఫోన్ కెమెరా ఎక్కడ ఫోకస్ పెడితే దాన్ని బట్టి రంగు మార్చేస్తుంది. రంగును నమ్మి చాలామంది మోసపోతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇది మన మీదికి వస్తుందా? దీనికి రెండు ఫొటోలు కావాలి. ఒకేచోట నిలబడి, కదలని వస్తువు ఒకటి, కరెంటు స్తంభమో తాటిచెట్టో, ఫ్రేమ్‌లో ఉండేలా అరగంట తేడాతో తీయాలి. స్తంభానికి మబ్బు మొదలు ఎడమకో కుడికో జరిగిపోతుంటే అది పక్కనుంచి వెళ్లిపోతుంది. స్తంభం వెనకే ఉండి, ఎత్తు మాత్రం పెరుగుతుంటే నేరుగా మన మీదికే వస్తోంది. దాగలి అంచును కొలవకూడదు, అది పైగాలికి ముందే సాగుతుంది. కాండం ఉన్నచోట తల ఎత్తును కొలవాలి.

వాడి 3:30 ఫొటోలో నేల నుంచి మబ్బు తల దాకా 17 డిగ్రీలు వచ్చింది. 4 గంటల ఫొటోలో 28. రెండింటిలోనూ మబ్బు స్తంభం వెనకే ఉంది. మన దగ్గర ఎండాకాలపు ఉరుముల మబ్బు తల 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తుంది. 14 అనుకుని, దాన్ని ఆ కోణం టాంజెంట్‌తో భాగిస్తే మొదటి ఫొటోలో దూరం 46 కిలోమీటర్లు, రెండో దాంట్లో 26. అరగంటలో 20 కిలోమీటర్లు దగ్గరికొచ్చింది, అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగం. వాన రావడానికి ఇంకా 40 నిమిషాలుంది. ఈదురుగాలి అంతకంటే ముందే, 4:20 ప్రాంతంలో రావాలి. మబ్బు తల 14 కాక 12 అయితే దూరం కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి ఇది గడియారం పెట్టుకుని నమ్మే లెక్క కాదు. అయినా కుప్ప మీద టార్పాలిన్ కప్పి, అంచులకు రాళ్లు పెట్టడానికి సరిపోయింది. గాలి 4:25కి వచ్చింది, వాన పావుతక్కువ అయిదుకు.

ప్రతిసారీ ఇలా కుదరదు. ఒక మబ్బు కింద నుంచి పరుచుకున్న చల్లగాలి పక్కనున్న వేడిగాలిని ఎత్తి ఇంకో మబ్బును పుట్టిస్తుంది. మనం పడమర చూస్తూ కూర్చుంటే నెత్తి మీదే కొత్తది లేస్తుంది. నెత్తి మీదికి వచ్చాక దాని తల కనిపించదు, కాండం కనిపించదు, ఉత్త బూడిదరంగు పరుపులా ఉంటుంది. ఆ ఫొటోను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అప్పుడు వాతావరణ శాఖ రాడార్ బొమ్మ, పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ చూడాల్సిందే. ఉరుము వినిపించిందంటే మాత్రం ఏ ఫొటో అక్కర్లేదు, పొలంలో నుంచి, చెట్టు కింద నుంచి ఇంట్లోకి వెళ్లిపోవాలి. మబ్బు పది కిలోమీటర్ల అవతల ఉన్నా పిడుగు ఇక్కడ పడగలదు.

ఇంగ్లిష్ పుస్తకాల్లో మొదట ఉండే సూత్రం ఒకటి మన దగ్గర సరిగా పనిచేయదు. ఈకల్లాంటి సిర్రస్ మబ్బులు వచ్చి, అవి చిక్కబడితే ఒకట్రెండు రోజుల్లో వాన అంటారు. యూరప్‌లో అది నిజం, అక్కడ వాన పడమటి నుంచి వందల కిలోమీటర్ల పొడవైన వరసగా వస్తుంది. మనకు ఎండాకాలంలో కనిపించే సిర్రస్ చాలాసార్లు నిన్న ఎక్కడో కురిసి చచ్చిపోయిన ఉరుముల మబ్బు దాగలి తునక. దాన్ని చూసి రేపటి సంగతి చెప్పలేం. పలచని తెర పరుచుకుని చంద్రుడి చుట్టూ గుడి కట్టినప్పుడు మాత్రం మన పెద్దల మాట గుర్తొస్తుంది: దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన. ఇందులో గమనిక గొప్పది. 22 డిగ్రీల దూరాన కట్టే పెద్ద గుడి మంచు స్ఫటికాల వల్ల వస్తుంది, చంద్రుణ్ని అంటుకుని ఉండే చిన్న గుడి నీటి బిందువుల వల్ల. రెండూ వేరువేరు మబ్బులని వాళ్లు కంటితోనే పట్టేశారు. వాన జోస్యం మాత్రం అన్నిసార్లూ ఫలించదు.

ఆ సాయంత్రం 6 గంటలకు ఇంకో ఫొటో వచ్చింది. ఆకాశం నిండా కిందికి వేలాడే గుండ్రటి సంచులు, ఎండ పడి బంగారు రంగులో. "ఇదేందన్నా, మళ్ల కొడ్తదా?" అని అడిగాడు. అవి మమ్మాటస్. దాగలి అడుగున ఏర్పడతాయి, చూడ్డానికి భయంగా ఉన్నా చాలాసార్లు మబ్బు దాటిపోయాకే కనిపిస్తాయి. "చివరి ఉరుము ఎప్పుడు విన్నావురా?" అన్నాను. పావుగంట అయింది అన్నాడు. ఇంకో పావుగంట లోపలే ఉండమని చెప్పి, పడమర ఫొటో ఒకటి పంపమన్నాను. అందులో స్తంభం వెనక ఖాళీ ఆకాశం, అడుగున చదునైన రెండు చిన్న దూదిమబ్బులు. పొద్దు గుంకుతోంది, నేల తడిసి చల్లబడింది, వాటికి ఇక ఎదిగే బలం లేదు. పొద్దున్నే టార్పాలిన్ తీయొచ్చని చెప్పాను.